పగిలిన పచ్చడి సీసాల లెక్క లింక్డిన్‌లో ఎలా చెప్పాలి: శాతమా, పెట్టె గొప్పా, పగుళ్ల కారణమా?

ప్యాకింగ్ సామాను అమ్మేవాళ్లు "మా క్లయింటుకి బ్రేకేజీ తగ్గించాం, రిటర్న్‌లు తగ్గించాం" అని లింక్డిన్‌లో పెట్టే పోస్టులు గమనిస్తే మూడు రకాలే కనిపిస్తాయి. ఒకటి శాతం పోస్టు, అంటే పైన పెద్ద అక్షరాల్లో "84 శాతం తగ్గింది" అని, కింద నాలుగు చప్పట్ల బొమ్మలు. రెండోది పెట్టె పోస్టు, మా ఐదు పొరల ఫైవ్ ప్లై అట్ట, చదరపు మీటరుకి కాగితం బరువు చెప్పే మా జీఎస్ఎమ్, మా మిషన్ అంటూ సాగేది. మూడోది అరుదు, సీసా ఎక్కడ పగిలింది, ఎందుకు పగిలింది, దానికి ఏం మార్చాం అని చెప్పేది. బరంపురంలో అట్టపెట్టెల యూనిట్‌లో పనిచేస్తున్నాను, పోస్టులు రాసే పని కూడా నా నెత్తినే పడింది కాబట్టి ముందే నా పక్షం చెప్పేస్తున్నా: చిన్న సప్లయరుకి మూడోదే పనికొస్తుంది. అయితే మొదటి రెండూ ఎప్పుడు పనికొస్తాయో, ఎప్పుడు ఎదురు తంతాయో కూడా చెప్పాలి కదా, అందుకే ఈ పోలిక.

మన ఊళ్లో ఈ గొడవంతా ఎక్కువగా వచ్చేది పచ్చళ్లు, అప్పడాల వాళ్లకే. బరంపురం పచ్చళ్లకీ అప్పడాలకీ పేరుంది. ఇక్కడి నుంచి భువనేశ్వర్‌కి, హైదరాబాద్‌కి, బెంగళూరుకి కొరియర్‌లో పోతుంటాయి. అప్పడం విరిగితే కస్టమర్ తిట్టుకుని వేయించుకుంటాడు, పచ్చడి సీసా పగిలితే మాత్రం నూనె కారి పక్క సీసాలూ, పెట్టే, కొరియర్ వాడి సంచిలో వేరేవాళ్ల చీరా అన్నీ పాడవుతాయి. అందుకని ఉదాహరణకి పచ్చళ్ల క్లయింటునే తీసుకుంటాను. కింద ఇచ్చిన అంకెలు లెక్క కనబడటానికి నేను వేసుకున్నవి, మీ క్లయింటు రిజిస్టర్ అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి.

ఒకే నిజానికి మూడు శాతాలు

అరకిలో గాజు సీసాలు, పెట్టెకి నాలుగు. పాత పద్ధతి: త్రీ ప్లై పెట్టె, ఒక్కో సీసాకి ఒక చుట్టు బబుల్ ర్యాప్, మిగిలిన సందుల్లో నలిపిన న్యూస్‌పేపర్. అలా 600 పార్శిళ్లు పంపితే 42 పాడై వచ్చాయి అనుకుందాం. ఆ 42 తెరిచి చూస్తే 24లో సీసా పక్క సీసాకి తగిలి పగిలింది, 8లో అడుగు పగిలింది, మిగతా 10లో గాజు బాగానే ఉంది కానీ మూత దగ్గర నూనె కారింది. ఇవి కాక మరో 54 పార్శిళ్లు తిరిగొచ్చాయి, వాటికి ప్యాకింగ్‌తో సంబంధమే లేదు. ఇంట్లో ఎవరూ లేరనో, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి చివరికి వద్దన్నారనో, అడ్రస్ దొరకలేదనో వెనక్కి వచ్చినవి. కొరియర్ భాషలో వీటినే ఆర్టీవో అంటారు.

తర్వాత సీసాల మధ్య అడ్డుగా అట్ట పార్టిషన్, పైన ఒకటి కింద ఒకటి అట్ట ప్యాడ్ పెట్టి మళ్లీ 600 పంపితే, పాడైనవి 12: రెండు సీసాకి సీసా తగిలి, మూడు అడుగు పగిలి, ఏడు నూనె కారి. ఆర్టీవో 51.

ఇప్పుడు పోస్టులో ఏం రాస్తారు? గాజు పగిలినవి మాత్రం చూస్తే 32 నుంచి 5కి వచ్చాయి, అంటే 84 శాతం తగ్గుదల. కారినవి కూడా కలిపితే 42 నుంచి 12, అంటే 71 శాతం. మొత్తం రిటర్న్‌లు చూస్తే 96 నుంచి 63, అంటే 34 శాతమే. మూడూ నిజాలే, ఒక్కటీ అబద్ధం కాదు, అయినా పైన "రిటర్న్‌లు తగ్గాయి" అని రాసి కింద 84 వేస్తే అది మోసమే. చదివేవాడు ఆన్‌లైన్‌లో అమ్మేవాడైతే వాడికి ఆర్టీవో బాధ రోజూ ఉంటుంది, "పెట్టె మారిస్తే కస్టమర్ ఇంట్లో ఉంటాడా?" అని మొదటి కామెంటు వాడే పెడతాడు. ఆ కామెంటు కింద మీరు ఎన్ని వివరణలు ఇచ్చుకున్నా పోయిన నమ్మకం తిరిగి రాదు.

అందుకే శాతం పోస్టు ఎంచుకునేవాళ్లకి నా సలహా ఒక్కటే, శాతం మానేసి అంకెలే రాయండి. "600లో 32 పగిలేవి, ఇప్పుడు 600లో 5" అని రాస్తే చదివేవాడికి మొత్తం ఎన్ని పంపారో, అందులో ఎన్ని పగిలాయో రెండూ కనిపిస్తాయి. శాతంలో ఆ మొత్తం అంకె మాయమైపోతుంది. "బ్రేకేజీ సున్నా అయింది" అని రాసే పోస్టులకైతే ఇది ఇంకా ముఖ్యం. 50 పార్శిళ్లు పంపితే ఒక్కటీ పగల్లేదు అన్నది చాలా బాగుంటుంది కానీ, లెక్క ప్రకారం అసలు పగిలే రేటు ఆరు శాతం దాకా ఉన్నా అలా సున్నా వచ్చే అవకాశం ఉంటుంది. చేతిలో ఉన్నది 50 పార్శిళ్లే అయితే "ఇప్పటిదాకా 50 పంపాం, ఒక్కటీ పగల్లేదు" అని ఆగిపోండి, గెలిచామని చాటింపు వేయొద్దు.

ఇంకో చిక్కు కాలం. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి దగ్గరే, వానాకాలంలో అట్ట తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, కింద ఉన్న పెట్టె పై బరువుకి నలుగుతుంది. ఆగస్టులో పాత పెట్టెలో పంపినవీ, జనవరిలో కొత్త పెట్టెలో పంపినవీ పక్కపక్కన పెట్టి చూపిస్తే అందులో సగం గొప్ప ఎండదే అయ్యుండొచ్చు. కొరియర్ కంపెనీ మారినా అంతే, రూటు మారినా అంతే. మంచి పద్ధతి ఏంటంటే, అవే వారాల్లో ఒక రోజు పాత పెట్టె, ఒక రోజు కొత్త పెట్టెగా పంపడం. క్లయింటు ఒప్పుకోరు, "తెలిసీ తెలిసీ పాత పెట్టెలో ఎందుకు పంపాలండీ?" అంటారు, సరే అదీ న్యాయమే. అప్పుడు కనీసం కిందటేడు అవే నెలల రిజిస్టర్ తెప్పించి దాంతో పోల్చండి, ఎలా పోల్చారో పోస్టులో ఒక వాక్యం రాయండి.

పెట్టె పోస్టు ఎప్పుడు పనికొస్తుంది

ఎదుటివాడు ఫ్యాక్టరీ పర్చేజ్ మేనేజర్ అయితే. వాడికి జీఎస్ఎమ్ అంటే తెలుసు, కాగితం చిరగకుండా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే బీఎఫ్ అంటే తెలుసు, పెట్టె మీద పెట్టె ఎన్ని వరసలు నిలబడుతుందో వాడికి కావాలి, మీ స్పెసిఫికేషన్ చూసి రేటు అడుగుతాడు. పచ్చళ్లు అమ్మే ఆవిడకి మాత్రం "180 జీఎస్ఎమ్, 22 బీఎఫ్" అని చెబితే ఆవిడ మర్యాదగా తల ఊపి పక్కవాడి దగ్గర రూపాయి తక్కువకి కొంటుంది.

పెట్టె పోస్టుతో అసలు ఇబ్బంది వేరే ఉంది, అది సప్లయర్‌ని తప్పు మందు వైపు లాగుతుంది. సీసాలు పగులుతున్నాయని క్లయింటు అనగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఫైవ్ ప్లైకి మారండి". ఫైవ్ ప్లై పైనుంచి వచ్చే బరువుని బాగా ఆపుతుంది, నిజమే. కానీ పై లెక్కలో పగిలిన 32లో 24 పెట్టె లోపల సీసా సీసాకి కొట్టుకుని పగిలినవి. గోడ మందం రెట్టింపు చేస్తే లోపల సీసాల మధ్య సందు అలాగే ఉంటుంది, అవి అలాగే కొట్టుకుంటాయి. పైగా న్యూస్‌పేపర్ ఉంది చూశారా, ప్యాక్ చేసేటప్పుడు గట్టిగా కుక్కినట్టే ఉంటుంది, లారీ కుదుపులకి నలిగి నలిగి అణిగిపోతుంది, హైదరాబాద్ చేరేసరికి సీసాలకి లోపల ఆడుకునేంత చోటు దొరుకుతుంది. తిరిగొచ్చిన పెట్టెని తెరవకుండా చెవి దగ్గర పెట్టి ఒకసారి ఊపితే చాలు, లోపల టక్ అని వినిపిస్తే కారణం సగం తెలిసినట్టే.

క్లయింటు ముందు ఉండే దారులు కూడా చూద్దాం, ఎందుకంటే మంచి కేస్ స్టడీలో ఏది ఎంచుకున్నారన్నదే కాదు, ఏది ఎందుకు వద్దనుకున్నారన్నది కూడా ఉండాలి. పార్టిషన్ అంటే ప్లస్ గుర్తులా అడ్డంగా నిలువుగా గాడి కోసి దూర్చే రెండు అట్ట ముక్కలు, త్రీ ప్లై చాలు, అచ్చులు అక్కర్లేదు, వంద పెట్టెలకైనా చేసివ్వొచ్చు. గుడ్ల ట్రేలాంటి పేపర్ పల్ప్ ట్రే ఇంకా బాగా పట్టుకుంటుంది, సీసా కదలదు, కానీ దానికి సీసా కొలతకి అచ్చు చేయించాలి, అచ్చు ఖర్చు రాబట్టాలంటే వేలల్లో ఆర్డర్ ఉండాలి, రేపు సీసా డిజైన్ మారిస్తే అచ్చు మూలన పడుతుంది. పెట్ ప్లాస్టిక్ సీసాకి మారితే పగలడమనే మాటే ఉండదు, సప్లయర్‌గా మనకి నష్టమైనా ఆ మాట క్లయింటుకి చెప్పాలి, చెప్పామని పోస్టులో కూడా రాయాలి. మామిడికాయ ఆవకాయ గాజులోనే కావాలనే కస్టమర్లు ఉన్నారు కాబట్టి ఆవిడ గాజులోనే ఉంటానంటే అది ఆవిడ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, పెట్ అయినా మూత దగ్గర కారడం ఆగదు.

కారణం పోస్టు: ముక్కలు పారేయకండి

దీనికి కావలసిన సరుకు పాడై తిరిగొచ్చిన పార్శిళ్లే. క్లయింట్లు వాటిని వాసనకి తట్టుకోలేక వెంటనే పారేస్తారు, అక్కడే మన కేస్ స్టడీ కూడా చెత్తలో పడుతుంది. ఒక నెల పాటు పారేయకుండా ఫోటో తీసి పెట్టమనండి: తెరవకముందు పెట్టె నాలుగు వైపులా, తెరిచాక పైనుంచి, ఆ తర్వాత పగిలిన సీసా దగ్గరగా. తిరిగి తెప్పించడం దండగ అనుకుంటే కస్టమర్‌నే అవే ఫోటోలు వాట్సాప్‌లో పంపమంటే పంపుతారు, డబ్బు వెనక్కి కావాలి కదా.

సీసా పొట్ట మీద గుండ్రంగా దెబ్బ తగిలి అక్కడి నుంచి పగుళ్లు విచ్చుకుంటే, ఆ దెబ్బ పక్క సీసా ఉన్న వైపే ఉంటే, పరిష్కారం పార్టిషన్. అడుగు అంచున పగిలి పెట్టె కింది మూల నలిగి ఉంటే, అది పైనుంచి పడేసింది, పరిష్కారం కింద ప్యాడ్, ఇంకా కింది ఫ్లాపులకి టేపు. మధ్యలో ఒక గీతలా కాకుండా ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో వేస్తే అంచులు కూడా మూసుకుంటాయి. పెట్టె పైభాగం కుంగి సీసా భుజం దగ్గర పగిలితే అప్పుడు నిజంగా ఫైవ్ ప్లై మాట్లాడొచ్చు. గాజు చెక్కుచెదరక మూత చుట్టూ నూనె ఉంటే మాత్రం అది మన పెట్టె పని కాదు. సీసా అంచుకి నూనె అంటుకుని ఉండగానే మూత బిగించి ఉంటారు, అంచు తుడిచి బిగించాలి, నింపేచోట ఒక మనిషికి ఆ పని అప్పగించాలి.

ఈ చివరి మాట పోస్టులో రాయడానికి సప్లయర్లు ఇష్టపడరు. రాయండి. పై లెక్కలో మిగిలిపోయిన 12లో ఏడు కారినవే, "ఈ ఏడూ మా పెట్టె ఆపలేదు, ఇది మూత సమస్య, దాని మీద క్లయింటు వేరే పని చేస్తున్నారు" అని ఒక్క వాక్యం ఉంటే మిగతా పోస్టంతా నమ్మబుద్ధేస్తుంది.

డ్రాప్ టెస్ట్ వీడియో పెట్టాలా అంటే, పెట్టొచ్చు, కానీ ఎంత ఎత్తు నుంచి, ఏ వైపు పడేలా వేశారో చెప్పకపోతే అది సర్కస్. రవాణా ప్యాకింగ్ పరీక్షలకి పద్ధతులు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఇస్టా వాళ్ల 1ఏ పరీక్ష పద్ధతిలో తొమ్మిదిన్నర కిలోల లోపు పార్శిల్‌ని సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు వేస్తారు: ఒక మూల మీద, ఆ మూల దగ్గర కలిసే మూడు అంచుల మీద, తర్వాత ఆరు వైపుల మీద. టేపు పెట్టి ఎత్తు కొలిచి, గచ్చు నేల మీద, అదే వరసలో మీరు కూడా వేయొచ్చు. కాకపోతే "మా షెడ్‌లో మేమే చేసిన పరీక్ష" అని రాయాలి, సర్టిఫికెట్ ఉన్నట్టు ధ్వనించకూడదు. సర్టిఫికెట్ కావాలంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ లాంటి చోట ల్యాబులున్నాయి, ముంబయిలో ప్రధాన కార్యాలయం, కోల్‌కతా, హైదరాబాద్‌లలో కూడా ఉన్నాయి.

డబ్బు లెక్క లేకుండా పోస్టు ఆపకండి, చదివే వ్యాపారి చివరికి వెతికేది అదే. పార్టిషన్, రెండు ప్యాడ్లు కలిపి పెట్టెకి తొమ్మిది రూపాయలు ఎక్కువైంది అనుకుంటే, 600కి 5,400. ఒక పార్శిల్ పాడైతే పోయేది సరుకు ఖర్చు 400, మొదటిసారి కట్టిన కొరియర్ 160, మొత్తం 560. పాడైనవి 30 తగ్గాయి కాబట్టి 16,800 మిగిలాయి, ఖర్చు తీసేస్తే 11,400. ఇంకా ఉపయోగపడే అంకె ఒకటుంది: 5,400ని 560తో భాగిస్తే పదికి కాస్త తక్కువ, అంటే 600లో పది పార్శిళ్లు కాపాడినా పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. చదివేవాడు తన దగ్గర నెలకి ఎన్ని పాడవుతున్నాయో మనసులో వేసుకుని అక్కడికక్కడే నిర్ణయం తీసుకోగలడు.

పెట్టె కొంచెం పెద్దదైతే కొరియర్ ఛార్జీ పెరగదా అని తప్పకుండా అడుగుతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగించి వచ్చే కొలత బరువునీ, అసలు బరువునీ పోల్చి ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేయడం చాలా కొరియర్ల పద్ధతి. 21, 21, 17 సెంటీమీటర్ల పెట్టెకి అది ఒకటిన్నర కిలో. నాలుగు గాజు సీసాల పచ్చడి అసలు బరువే మూడు కిలోలు దాటుతుంది, కాబట్టి ఇక్కడ కొలత పెరిగినా నష్టం లేదు, చూసుకోవలసింది అట్ట ముక్కల బరువుతో పార్శిల్ తర్వాతి స్లాబులోకి జారిపోతోందా అని మాత్రమే. అప్పడాలకి సరిగ్గా తిరగబడుతుంది, అవి తేలిక, అక్కడ పెట్టె రెండు సెంటీమీటర్లు పెరిగినా జేబుకి తెలుస్తుంది. అందుకని పచ్చడి కేస్ స్టడీని అప్పడాల వాళ్లకి అలాగే ఫార్వర్డ్ చేయకండి.

పేరు, రూపం, భాష

క్లయింటు పేరు వేయాలా వద్దా అన్నది క్లయింటు చెప్పాలి, అదీ రాతపూర్వకంగా, వాట్సాప్ మెసేజ్ అయినా చాలు. "మా సీసాలు పగిలేవి" అని ఊరంతా తెలియడం ఏ వ్యాపారికీ ఇష్టం ఉండదు. పేరు లేకపోయినా "గంజాం జిల్లాలో పచ్చళ్లు అమ్మే చిన్న సంస్థ" అంటే చాలు, అయితే సీసా ఫోటోలో లేబుల్ కనబడకుండా చూసుకోండి, గిరి రోడ్డులో తిరిగేవాళ్లకి లేబుల్ రంగు చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది.

రూపం విషయంలో, లింక్డిన్ పోస్టుకి 3,000 అక్షరాల హద్దు ఉంది, కారణం పోస్టుకి అది సరిపోతుంది. ఫోటోలు ఎక్కువుంటే పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేస్తే పేజీలు తిప్పుకుంటూ చూస్తారు, దాన్నే వాట్సాప్‌లో కూడా పంపుకోవచ్చు, ఆరేడు పేజీలు దాటించొద్దు. వీడియో తీసే ఓపిక ఉన్నవాళ్లు తీసుకోండి, నాకైతే పగుళ్లు కదలని ఫోటోలోనే బాగా కనబడతాయి. భాషకి వస్తే, కొనేవాళ్లు భువనేశ్వర్, కోల్‌కతా వైపు ఉంటే ఇంగ్లీషు తప్పదు, ఇచ్ఛాపురం, పలాస, విశాఖ వైపు చూస్తుంటే తెలుగులో పెట్టిన పోస్టుకే ఫోన్లు వస్తాయి.

పోస్టులో పైకి కనబడేవి మొదటి రెండు మూడు లైన్లే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి మొదలుపెట్టడం ఇలా ఉండొచ్చు, మీ అంకెలతో:

"600 పచ్చడి పార్శిళ్లలో 32 గాజు పగిలి వచ్చేవి. వాటిలో 24 పెట్టె నలిగి కాదు, లోపల సీసాకి సీసా కొట్టుకుని పగిలాయి.

క్లయింటు ఫైవ్ ప్లై పెట్టె రేటు అడిగారు. మేం ముందు పాడైన పార్శిళ్లు పారేయకుండా ఉంచమన్నాం. ఫోటోలు చూశాక అదే త్రీ ప్లై పెట్టెలో పార్టిషన్, పైనా కిందా ప్యాడ్ ఇచ్చాం. ఖర్చు పెట్టెకి 9 రూపాయలు పెరిగింది.

తర్వాతి 600లో గాజు పగిలినవి 5. కిందటేడు ఇవే నెలలతో, ఇదే కొరియర్‌తో పోల్చాం. నూనె కారినవి ఇంకా 7 ఉన్నాయి, అది మూత దగ్గరి సమస్య. కస్టమర్ తీసుకోక తిరిగొచ్చేవి మా పెట్టెతో తగ్గలేదు, తగ్గవు కూడా.

నాలుగు అరకిలో సీసాల పెట్టెకి మాత్రమే ఈ లెక్క. మీ దగ్గర పగిలిన పార్శిల్ ఫోటోలుంటే పంపండి, ఏం మార్చాలో చూసి చెబుతాం, పెట్టె మార్చక్కర్లేదనిపిస్తే అదే చెబుతాం."

కింద హ్యాష్‌ట్యాగులు రెండు మూడు చాలు. ఫోన్ నంబరు పోస్టులో కాకుండా ప్రొఫైల్‌లో ఉంచండి, మొదటి రెండు రోజులు కామెంట్లకి మాత్రం షెడ్‌లో పని తెలిసిన మనిషినే కూర్చోబెట్టి జవాబివ్వండి, ఎందుకంటే అక్కడ వచ్చే ప్రశ్నలు "ఆరు సీసాల పెట్టెకి ఈ పార్టిషన్ ఎత్తు ఎంత ఉండాలి?" లాంటివి.